"అబ్బాయి కావలెను" అని ఎందుకు రాస్తున్నారు?

అన్నలూ, అక్కలూ, నిన్న మన గ్రూప్‌లో వచ్చిన పోస్టు చూశారా? "ఎరువుల షాపులో బిల్లింగ్‌కి అబ్బాయి కావలెను. వయసు 18–25. యాక్టివ్‌గా ఉండాలి." అంతే. జీతం లేదు, టైం లేదు.

పెట్టిన అన్నకి ఫోన్ చేసి అడిగాను, అబ్బాయే ఎందుకని. బస్తాలు ఎత్తాలి కదా అన్నాడు. యూరియా బస్తా 45 కేజీలు, నిజమే. కానీ ఆ షాపులో హమాలీలున్నారు. బిల్లింగ్ అంటే మిషన్‌లో రైతు ఆధార్ నంబరు కొట్టి, వేలిముద్ర తీసుకుని, బిల్లివ్వడం. అందులో ఎత్తేదేముంది?

మరి 25 ఎందుకు? జీతం తక్కువ, పెద్దోళ్లు చేయరంట. చేస్తారో లేదో వాళ్లు చెప్పుకుంటారు, జీతం ఎంతో రాయండి చాలు. చదువు మధ్యలో ఆగి, మళ్లీ కట్టి పాసైనవాళ్లు మనలో ఎంతమంది! సర్కారు ఉద్యోగాల్లో ఎస్టీలకు 5 ఏళ్ల సడలింపుంది. ఈ 25కి అదీ లేదు.

మా ఊరి అక్కకి 29. ఇలాంటి షాపులోనే మూడేళ్లు బిల్లింగ్ చేసింది. "అబ్బాయి" అని చూసి ఫోనే చేయలేదు. షాపాయన ఇంకా మనిషి కోసం వెతుకుతున్నాడు! 1976లోనే సమాన వేతన చట్టం ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడవాళ్లపై వివక్ష వద్దంది.

ఆ అన్నకి ఇలా మార్చి పంపాను: "ఎరువుల షాపులో బిల్లింగ్ పని. ఉదయం 9 నుంచి రాత్రి 8. తెలుగు చదవడం, లెక్కలు రావాలి. మిషన్ మేమే నేర్పుతాం. బస్తాలు ఎత్తే పని లేదు. ఆడ, మగ ఎవరైనా, 18 దాటితే చాలు. జీతం ఇంత."

"ఇంత" దగ్గర ఆగింది. షాపాయన్ని అడిగి చెప్తానన్నాడు.