నంబరు లేని ఖాతా

రైల్వేలో నెలాఖరు రోజే పదవీ విరమణ రోజు. బిలాస్‌పూర్ ఆఫీసుల్లో ఆ సాయంత్రం పూలదండలు, సెటిల్‌మెంట్ కాగితాలు, ఒక గ్రూపు ఫొటో ఉంటాయి. వాటి మధ్య ఎవరూ పెద్దగా పట్టించుకోని పని మరొకటి జరుగుతుంది. సీయూజీ సిమ్‌ను ఆఫీసుకు తిరిగి ఇచ్చేస్తారు. సీనియర్ సెక్షన్ ఇంజినీరు చేతిలో ఏళ్ల తరబడి మోగిన ఆ నంబరు ఆయనది కాదు, ఆ పోస్టుది. మర్నాడు కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్లదే. క్వార్టర్ ఖాళీ చేయడానికి మామూలు అద్దె మీద నాలుగు నెలల గడువు దొరుకుతుంది. సిమ్‌కు అలాంటి గడువేమీ లేదు.

ఈ ఊళ్లో తెలుగు కుటుంబాలు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి, ఇక్కడే పిల్లల్ని పెంచి, రిటైరయ్యాక ఊరికి మళ్లేవారు ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్ల ఫోన్లో ఉన్న మెయిల్ ఖాతాను ఎప్పుడో ఆ ఆఫీసు నంబరుతోనే తెరిచి ఉంటారు. పెన్షన్ ఉత్తరాలు, పిల్లల పెళ్లి ఫొటోలు, బీమా రసీదులు అందులోనే ఉంటాయి. పాస్‌వర్డ్ మరిచిపోయిన రోజున ఓటీపీ వెళ్లేది ఆ కుర్చీలో కొత్తగా కూర్చున్నాయనకు. ఆయన మంచివాడే కావచ్చు. కానీ మన తాళంచెవి ఆయన జేబులో ఉండటం మంచి ఏర్పాటు కాదు.

సొంత నంబరైనా శాశ్వతం కాదు. 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. ఆపేశాక మరో 90 రోజుల వరకూ ఇంకొకరికి ఇవ్వరని 2023 నవంబరులో ట్రాయ్ సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ తర్వాత ఇవ్వవచ్చు. అలా చేతులు మారిన నంబర్లతో ఏం జరుగుతుందో అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో చూశారు. కొత్తవారికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న 259 నంబర్లను తీసుకుంటే, వాటిలో 171 అప్పటికే ఎవరివో ఖాతాలకు అతుక్కుని ఉన్నాయట. భద్రత కోసమని తీసుకున్న నంబర్లను ప్రకటనలకు వాడుకున్నందుకు 2022లో ట్విట్టర్ 15 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. కాబట్టి ‘నంబరు ఇవ్వకుండా మెయిల్ ఒక్కదానితోనే ఖాతా తెరుస్తాను’ అనేవారిది అతిభయమని కొట్టిపారేయలేం.

అయితే అలా తెరవనిస్తారా? బ్యాంకు, యూపీఐ, ఐఆర్‌సీటీసీ నంబరు లేకుండా ఒప్పుకోవు. అక్కడ వాదన అనవసరం. మనం మాట్లాడుకుంటున్నది మూలమైన మెయిల్ ఖాతా గురించి. జీమెయిల్ కొందరిని నంబరు అడుగుతుంది, కొందరిని అడగదు. ఎవరిని అడుగుతుందో ముందుగా చెప్పలేం. ప్రోటాన్ మెయిల్‌లో మనిషేనని రుజువుకు ఒక చిన్న పజిల్ విప్పడమో, మరో మెయిల్‌కు వచ్చిన కోడ్ ఇవ్వడమో చాలు. తెరవడం తేలికే. తేడా అంతా పోగొట్టుకున్న రోజున తెలుస్తుంది.

ఫోన్ పోతే సిమ్ షాపుకు వెళ్లి, ఆధార్ చూపించి, అదే నంబరుతో కొత్త సిమ్ తెచ్చుకోవచ్చు. అంటే నంబరు ఉన్న ఖాతాకు ఊళ్లో ఒక మనిషి సాయం ఉంటుంది. మోసగాడు వేరొకరి పేరుతో సిమ్ మార్పించుకునే దారి కూడా ఆ కౌంటరు మీదుగానే పోతుందన్నది వేరే మాట. నంబరు లేని ఖాతాకు అలాంటి కౌంటరు ఎక్కడా లేదు. మీరు ముందుగా ఏం రాసి పెట్టుకున్నారో అదే మీ కౌంటరు.

రిటైరైన ఒక ఇంజినీరు నంబరు తీసేసి, రికవరీ మెయిల్‌గా తనదే మరో పాత మెయిల్ పెట్టుకున్నాడనుకుందాం. ఆ పాత మెయిల్‌కు రికవరీగా ఈ కొత్తదాన్నే పెట్టాడు. రెండిటి పాస్‌వర్డ్‌లూ ఒకే ఫోన్లో ఉన్నాయి. తిరుపతి ఎక్స్‌ప్రెస్‌లో సామాన్లతో విజయనగరం వెళుతుండగా ఫోన్ పోయింది. ఇప్పుడు మొదటి తలుపు తాళంచెవి రెండో గదిలో, రెండో గది తాళంచెవి మొదటి గదిలో. ఊరికి చేరి, కొత్త ఫోన్ కొని ప్రయత్నిస్తే గూగుల్ ఇంకా అనుమానిస్తుంది. ఎప్పుడూ వాడే పరికరం నుంచి, ఎప్పుడూ ఉండే చోటు నుంచి ప్రయత్నించమని అది స్వయంగా ఇచ్చే సలహా. రిటైరైనవాడికి పరికరం, చోటు, నంబరు మూడూ ఒకే వారంలో మారాయి. దీనికి తోడు, రెండేళ్లు తెరవని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు. ఊరికే పడి ఉన్న రికవరీ మెయిల్‌కు పట్టే గతి అది.

బదులుగా హైదరాబాదులో ఉన్న కొడుకు మెయిల్‌ను రికవరీగా పెట్టవచ్చు. చాలా ఇళ్లకు ఇదే సరైన దారని మా అభిప్రాయం. కానీ అది ఊరికే రాదు. రికవరీ మెయిల్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మన ఖాతాలోకి రాగలరు. కొడుకు మెయిల్ దొంగల పాలైతే మనదీ పోయే దారి తెరుచుకుంటుంది. ఇవ్వదలచుకుంటే ఇంట్లో అందరికంటే జాగ్రత్తగా ఉండే వారిది ఇవ్వాలి, అందరికంటే ప్రియమైన వారిది కాదు.

కోడ్ల విషయంలో ఒక మెలిక ఉంది. గూగుల్ రెండంచెల తనిఖీ పెట్టుకుంటే 8 అంకెల బ్యాకప్ కోడ్లు 10 ఇస్తుంది. ఒక్కొక్కటి ఒక్కసారే పనికొస్తుంది. ఇప్పుడు ఈ తనిఖీని నంబరు ఇవ్వకుండా, ఆథెంటికేటర్ యాప్‌తోనూ పెట్టుకోవచ్చు. కానీ ఆ కోడ్లు రెండో అంచెకు. మొదటి అంచె అయిన పాస్‌వర్డ్‌నే మరిచిపోతే కోడ్ల కాగితం ఒక్కటే గట్టెక్కిస్తుందని నమ్మకూడదు. ప్రోటాన్‌లో మెలిక ఇంకో రకం. రికవరీ మెయిల్ ద్వారా పాస్‌వర్డ్ మార్చుకుని లోపలికి వెళ్లవచ్చు. కానీ పాత ఉత్తరాలు చదవలేని రాతగానే మిగులుతాయి. అవి విప్పాలంటే ముందే రాసి పెట్టుకున్న 12 పదాల రికవరీ వాక్యమో, దాచుకున్న రికవరీ ఫైలో ఉండాలి. ఆ రెండూ లేకపోతే కంపెనీ కూడా ఏమీ చేయలేదు. ఎవరూ చదవలేరన్న మాటలో మనమూ ఉన్నాం.

కోడ్లు కాగితం మీదే ఉండటం మేలు. ఫొటో తీసి అదే ఫోన్లో దాచుకుంటే ఫోన్‌తో పాటే పోతాయి. రైల్వే పెన్షనరు ఇంట్లో పీపీఓ ఉన్న ఫైలు ఎక్కడుందో భార్యకూ తెలుసు, పిల్లలకూ తెలుసు. పాస్‌వర్డ్, కోడ్లు, ఆ 12 పదాలు అందులో ఉంటే చాలు. ఫైలు చూసినవారు ఖాతా కూడా చూడగలరన్నది నిజమే. ఇంట్లోవాళ్ల నుంచి దాచాల్సిందేమైనా ఉంటే వేరే చోటు వెతుక్కోవాలి.

ఈ నెలాఖరున దిగిపోతున్నవారికి ఒక మనవి. సిమ్ చేతిలో ఉండగానే, క్వార్టర్‌లోనే కూర్చుని, రోజూ వాడే ఫోన్లోనే ఖాతా నుంచి ఆఫీసు నంబరు మార్చేయండి. రికవరీ నంబరు మార్చాక కూడా 7 రోజులపాటు గూగుల్ పాత నంబరుకు కోడ్ పంపే వీలుంది. అందుకని ఆఖరి రోజు కాదు, కనీసం పది రోజుల ముందే చేయాలి. పర్సనల్ విభాగం వారు సెటిల్‌మెంట్ కాగితాల జాబితాలో ‘సీయూజీ నంబరును మీ సొంత ఖాతాల నుంచి తొలగించుకున్నారా?’ అన్న ఒక్క ప్రశ్న చేరిస్తే ఖర్చేమీ ఉండదు.