ఏడు బిల్లులు, ఒక వాక్యం

అంతర్గత ఆడిట్ నివేదికలలో తరచుగా కనిపించే వాక్యం ఒకటున్నది: “స్టోర్సు విభాగంలో నియంత్రణలు సంతృప్తికరంగా లేవు.” చదివిన డైరెక్టరు తల పంకిస్తాడు. స్టోర్సు అధికారి నొచ్చుకుంటాడు. పని మాత్రం ఎక్కడిదక్కడే వుంటుంది. ఆ వాక్యంలో అబద్ధం వుండకపోవచ్చు. కాని అందులో ఆడిటరు కన్నది ఏదో, ఊహించినది ఏదో విడదీయడానికి వీలులేదు.

2013 నాటి కంపెనీల చట్టం 138వ సెక్షను, స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలకూ, నియమాలలో చెప్పిన పరిమాణాన్ని మించిన మరికొన్నింటికీ అంతర్గత ఆడిట్‌ను తప్పనిసరి చేసింది. ఒక్కొక్క లోపాన్ని ఏ వరుసలో వ్రాయాలో మాత్రం ఆ సెక్షను చెప్పదు. ఆ వరుసను వృత్తి తనకు తానే ఏర్పరచుకున్నది: ఉండవలసినది ఏమిటి, ఉన్నది ఏమిటి, దానికి సాక్ష్యం ఏది, ఎందువల్ల జరిగింది, దానివల్ల ఏమి రాగలదు, ప్రమాదం ఏ స్థాయిది, యాజమాన్యం ఏమన్నది. నివేదికలో ఇరవై లోపాలుంటే ఇరవయ్యీ ఇదే వరుసలో నడవాలి. చూడడానికి ఇది గుమాస్తా పట్టుదలవలె తోస్తుంది. దీని ప్రయోజనం ఒక ఉదాహరణలో చూద్దాం.

ఒక మధ్యతరహా నూనె మిల్లు అనుకుందాం. డబ్బాలు, అట్టపెట్టెలు, యంత్రాల విడిభాగాలు కొంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 1,240 బిల్లులకు సొమ్ము చెల్లించింది. ఆడిటరు వాటిలో 60 తీసుకున్నాడు: మొత్తంలో పెద్దవి 20, మిగిలినవాటిలో ముప్పయ్యింటికి ఒకటి చొప్పున 40. కొనుగోలు ఆర్డరు, సరుకు అందిన రసీదు, బిల్లు — ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఆ తరువాతనే చెల్లింపు. ఇది మిల్లు తన కొనుగోలు నిబంధనలలో తానే వ్రాసుకున్న మాట. 60లో 7 చోట్ల అలా జరగలేదు. ఆరింటిలో రసీదు తేదీకి 3 నుంచి 19 రోజుల ముందే చెల్లింపు జరిగింది. ఒకదానికి రసీదే లేదు. ఏడింటి మొత్తం 11,60,000 రూపాయలు.

ఇంతవరకు “ఉండవలసినది”, “ఉన్నది” అనే రెండు గడులూ నిండినవి. ఇక్కడే ఒక ప్రలోభం ఎదురవుతుంది. అరవైలో ఏడంటే నూటికి సుమారు పన్నెండు, కనుక మొత్తం బిల్లులలో నూట నలభైకి పైగా తప్పుడువే అని వ్రాయాలనిపిస్తుంది. అలా వ్రాయరాదు. పెద్ద బిల్లులను పనిగట్టుకొని ఎక్కువగా ఏరిన నమూనా అది. ఉన్నదున్నట్లు హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది. ఏవి, ఎలా ఎన్నుకున్నారో ఒక వాక్యంలో చెప్పి ఊరుకోవడమే మర్యాద.

తరువాతి గడి కారణం. తొలి ముసాయిదాలో అక్కడ “స్టోర్‌కీపరు రసీదులు సకాలంలో వ్రాయకపోవడం” అని పడింది. సహజమైన ఊహే, రసీదు ఆలస్యమైనదంటే వ్రాసేవాడే గుర్తుకు వస్తాడు. కాని ప్రక్కనే సాక్ష్యం గడి వున్నది. అది ఖాళీగా వున్నది. దానిని నింపడానికి ఆడిటరు గేటు రిజిస్టరు తెప్పించాడు. ఆరు లారీలూ గేటు దాటిన తేదీలే రసీదుల మీదా వున్నవి. అంటే రసీదు ఆలస్యం కాలేదు. సరుకే చెల్లింపు తరువాత వచ్చింది. ఏడవ సరుకు గేటు దాటనే లేదు. రాని సరుకుకు స్టోర్‌కీపరు రసీదు ఎలా వ్రాస్తాడు? ఆ ఖాళీ గడి అడ్డుపడకపోతే ఆయన సర్వీసు రికార్డులో ఒక మచ్చ మిగిలేది.

అప్పుడు ఆడిటరు అకౌంట్సు గుమాస్తా ప్రక్కన కూర్చుని, చెల్లింపు ప్రోగ్రాములో రసీదు సంఖ్య వ్రాయకుండా ఒక పరీక్షా నమోదు చేయించాడు. ప్రోగ్రాము మారు మాట లేకుండా అంగీకరించింది. ఏప్రిల్‌లో ప్రోగ్రాము మార్చినప్పుడు, పూర్వం వున్న అడ్డును తిరిగి పెట్టలేదు. కారణం అదీ. సాక్ష్యం గడిలోకి గేటు రిజిస్టరు పుటల నకళ్లు, ఆనాటి పరీక్ష నమోదు, దాని తేదీ చేరినవి. ఎవరైనా ఆ కాగితాలు పట్టుకొని అదే దారిన నడిస్తే అదే చోటికి చేరాలి.

ప్రమాద స్థాయిని లోపం చూసిన తరువాత నిర్ణయించకూడదు. కొలబద్ద ముందే వుండాలి. ఈ మిల్లులో 10 లక్షలు దాటితే అధికం, 2 నుంచి 10 లక్షల వరకు మధ్యమం, అంతకు లోపు స్వల్పం. గత నివేదికలో వున్నదే మళ్లీ కనబడితే ఒక మెట్టు పైకి. 11,60,000 గనుక ముసాయిదాలో “అధికం” అని వ్రాశారు.

ముసాయిదా యాజమాన్యానికి వెళ్లింది. మొదట వచ్చిన సమాధానం ఇది: “గమనించబడినది. ఇకముందు తగు జాగ్రత్త వహించబడును.” ఆంగ్ల నివేదికలను తెలుగులోకి తెచ్చే పనిలో వున్నవారికి ఈ “బడు” చిరపరిచితం. ఎవరు గమనించారు, ఎవరు వహిస్తారు అని అడిగితే వాక్యంలో కర్త దొరకడు. తెలుగు క్రియ సాధారణంగా తన చివరనే కర్త జాడ మోస్తుంది. దానిని తుడిచివేయాలంటే కొంచెం శ్రమపడాలి. ఆ శ్రమ ఊరికే పడరు. ఆడిటరు ఆ కాగితం తిప్పి పంపుతూ మూడే అడిగాడు: అంగీకరిస్తున్నారా, ఏమి చేస్తారు, ఏ హోదాలోని వారు ఏ తేదీలోగా?

రెండవసారి వచ్చిన సమాధానంలో విషయం వున్నది. ఏడింటిలో రెండు యంత్రభాగాల కొనుగోళ్లట. ఒప్పందం ప్రకారం వాటికి ముందుగానే సొమ్ము చెల్లించాలి. ఒప్పంద పత్రాలు జతపరిచారు. వాటి మొత్తం 4,20,000. ఆడిటరు పత్రాలు చూశాడు, మాట నిజమే. లోపాలు అయిదయినవి, మొత్తం 7,40,000కు దిగింది, స్థాయి “మధ్యమం” అయింది. గత నివేదికలో ఈ లోపం లేదు గనుక మెట్టు పెంచే ప్రసక్తీ లేదు. కొందరు ఆడిటర్లు ఇక్కడ “అధికం”నే పట్టుకొని వ్రేలాడుతారు, తగ్గిస్తే లొంగిపోయినట్లుంటుందని. కొలబద్ద తమదే అయినప్పుడు లొంగుబాటు ఎక్కడిది? అయితే అడ్డు లేని ప్రోగ్రాము నిజంగా అంతకంటె పెద్ద ముప్పని ఆయన భావిస్తే, కొలబద్దను మించుతున్నానని, ఎందుకో కూడా, అక్కడే వ్రాయాలి. ఈ ఆడిటరు “మధ్యమం” వద్ద ఆగాడు.

యాజమాన్యం సమాధానాన్ని వారి మాటలలోనే అచ్చువేయాలి, దిద్దరాదు. ఒప్పుకోకపోతే వారి కారణమూ ఆడిటరు కారణమూ ప్రక్క ప్రక్కనే వుండాలి, చదివేవారు తేల్చుకోగలిగేటట్లు. ఇక్కడ తగవు మిగలలేదు. “అయిదింటి విషయంలో అంగీకరిస్తున్నాము. రసీదు సంఖ్య లేనిదే చెల్లింపు సాగకుండా నవంబరు 30లోగా ప్రోగ్రాములో అడ్డు పెట్టిస్తాము. బాధ్యత అకౌంట్సు మేనేజరుది. అందని 1,85,000 రూపాయల సరుకునో, ఆ సొమ్మునో డిసెంబరు 15లోగా రాబడతాము; బాధ్యత కొనుగోళ్ల అధికారిది.” రెండు పనులు, రెండు తేదీలు, ఇద్దరు మనుషులు.

జనవరిలో ఆడిటరు మళ్లీ వస్తాడు. “అడ్డు పెట్టించాము” అన్న లేఖ చూసి లోపాన్ని కొట్టివేయడు. గుమాస్తా ప్రక్కన కూర్చుని, రసీదు సంఖ్య గడిని ఖాళీగా వదిలి, చెల్లింపు నొక్కమంటాడు. సాగిపోయిందంటే ఆ లోపం తరువాతి నివేదికలో, అదే వరుసలో, ఒక మెట్టు పైన, మళ్లీ అచ్చవుతుంది.