అడ్వాన్స్ లెక్క అద్దెదారే రాయాలి

ఇల్లు ఖాళీ చేస్తున్నామని చెప్పగానే పక్క ఫ్లాట్ ఆయన అన్న మొదటి మాట: "పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పోతుందన్నా, దాని మీద ఆశ పెట్టుకోకు." వాచ్‌మన్ అదే అన్నాడు. ఊళ్లో ఉన్న మా బావగారు ఫోన్‌లో అదే అన్నారు. హైదరాబాద్‌లో అద్దెకున్న వాళ్లలో నూటికి తొంభై మందిని అడిగినా ఇదే చెబుతారేమో. ఇది చట్టం కాదు, చాలా ఇళ్లలో అగ్రిమెంట్‌లో కూడా ఉండదు. అయినా వర్షాకాలం వచ్చినట్టు దానంతటది జరిగిపోయే విషయంలా అందరూ ఒప్పేసుకున్నారు. దీంతో పాటు ఇంకో నమ్మకం కూడా ఉంది. లెక్క చెప్పాల్సింది ఓనరు, చేయి చాపాల్సింది అద్దెదారు. కాగితం మీద లెక్క రాసి ఇచ్చేవాడు గొడవలకు వచ్చేవాడు. ఈ రెండూ తప్పేనని నా వాదన. నాలుగేళ్ల రెండు నెలలు ఉన్న ఇంటిని మొన్న జూన్ 10న ఖాళీ చేసినప్పుడు నేను చేసిన లెక్కే దానికి ఉదాహరణగా చెబుతాను.

అసలు ఆ పేరులోనే చిక్కుంది. మనం "అడ్వాన్స్" అంటాం. అడ్వాన్స్ అంటే ఒక పనికి ముందుగా కట్టే డబ్బు, అంటే ఇచ్చిన రోజే చేతులు మారిపోయినట్టు. నిజానికి అది ఓనర్ దగ్గర హామీగా ఉంచిన మన డబ్బు. అందులోంచి ఆయన తీసుకునే ప్రతి రూపాయికీ ఒక కారణం ఉండాలి. ఇది బోధపడితే మిగతాదంతా తేలిగ్గానే అర్థమవుతుంది.

మా అద్దె 18,000. అడ్వాన్స్ రెండు నెలలది, 36,000. తాళాలు ఇవ్వడానికి మూడు రోజుల ముందు ఓనర్ గారు నోటి లెక్క చెప్పారు. పెయింటింగ్‌కి 18,000, జూన్‌లో ఉన్న రోజులకు 6,000, కరెంటుకు "ఒక రెండు వేలు", రిపేర్లకు "ఒక మూడు వేలు". చేతికొచ్చేది 7,000. ఆయన చెడ్డవాడేమీ కాదు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా పరుషంగా మాట్లాడలేదు. ఆయనకు తెలిసిన పద్ధతి అదే. కానీ "ఒక రెండు వేలు" అన్న దాంట్లోని ఆ "ఒక" నన్ను ఆపింది. మీటరు రీడింగ్ చూడకుండా కరెంటు బాకీ ఎలా తేలుతుంది?

ఆ రాత్రి కూర్చుని వాట్సాప్‌లో పంపడానికి ఒక నోట్ రాశాను. ముందు నా బాకీలే రాశాను. ఈ వరుస కావాలని పెట్టుకున్నదే. ఓనర్లకు భయం ఉంది, అందులో న్యాయమూ ఉంది. కరెంటు సర్వీసు వాళ్ల పేరు మీద ఉంటుంది. అద్దెదారు బిల్లు ఎగ్గొట్టి వెళ్లిపోతే ఆ బాకీ ఆ మీటరు మీదే నిలుస్తుంది. కొందరు చివరి రెండు నెలల అద్దె ఆపేసి "అడ్వాన్స్‌లో సర్దుకోండి" అంటారు. అది తెలివి అనుకుంటారు గానీ, పగిలినవాటికి, మిగిలిన బిల్లులకు ఓనర్ చేతిలో ఏమీ లేకుండా చేయడమే అది. దాన్నీ నేను సమర్థించను. పెయింటింగ్ పేరుతో గుడ్డిగా నెల అద్దె కోసేయడం చాలావరకు ఈ భయం నుంచే పుట్టింది. కాబట్టి నేను ఇవ్వాల్సింది నేనే ముందు ఒప్పుకుంటే ఆ భయానికి చోటుండదు.

నోట్ ఇదీ:

"నమస్కారం సార్. జూన్ 10 సాయంత్రం తాళాలు ఇస్తాను. మీ దగ్గర ఉన్న మా అడ్వాన్స్ 36,000. అందులో మేము ఇవ్వాల్సినవి ఇవి. జూన్ 1 నుంచి 10 వరకు అద్దె, రోజుకు 600 చొప్పున 6,000. మెయింటెనెన్స్ నెలకు 1,500 కాబట్టి పది రోజులకు 500. మే 24న వచ్చిన కరెంటు బిల్లు 870, మేము కట్టలేదు. ఆ బిల్లులో రీడింగ్ 8,412, ఈ రోజు మీటరులో 8,534, ఫోటో పంపుతున్నాను. 122 యూనిట్లకు పోయిన బిల్లు సగటు 4.70 చొప్పున 573. మా వల్ల పగిలిన వాష్‌బేసిన్, కొత్తది, ప్లంబర్ కూలీ కలిపి 2,400. మా బాబు చింపిన కిటికీ దోమల జాలీ 650. టీవీ కోసం కొట్టించిన నాలుగు రంధ్రాలకు పుట్టీ, టచప్ 600. మొత్తం 11,593. మాకు రావాల్సింది 24,407. ఇందులో ఏది తప్పనిపించినా ఆ అంశం పేరు, బిల్లుతో చెప్పండి, సరిచేస్తాను."

ఇందులో కరెంటు లైను గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ గొడవలు అక్కడే వస్తాయి. రీడింగ్ తీసేవాళ్లు నెలకోసారి తమ తేదీకి వస్తారు, మనం ఖాళీ చేసే రోజుకు రారు. మే 24 రీడింగ్ నుంచి జూన్ 24 రీడింగ్ వరకు ఒకటే బిల్లు వస్తుంది. అందులో నా 17 రోజులూ, తర్వాత పెయింటర్లో కొత్తవాళ్లో వాడిన రోజులూ కలిసిపోతాయి. తెలంగాణలో ఇళ్ల కరెంటుకు స్లాబులున్నాయి. నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే ఎక్కువ రేటు పడుతుంది. నోట్ రాసే నాటికి నేను వాడింది 122. నా తర్వాత వచ్చినవాళ్లు ఏసీ పెట్టుకుని ఇంకో వంద వాడితే మొత్తం 200 దాటిపోయి, నా 122 యూనిట్లకు కూడా పెద్ద రేటే లెక్కకొస్తుంది. అప్పుడు బిల్లు చూపించి "ఇదిగో, రెండు వేలు" అంటే కాదనడానికి మన దగ్గర ఏమీ ఉండదు. తాళాలు ఇచ్చే ముందు తీసిన మీటరు ఫోటో, దాని పక్కన పాత బిల్లు రీడింగ్ ఉంటే మన వంతు అక్కడితో తేలిపోతుంది. సగటు రేటు నూటికి నూరుపాళ్లు కచ్చితం కాదు. పది, ఇరవై రూపాయలు అటూఇటూ అవుతుంది. ఆ మాత్రం తేడా ఇద్దరూ ఒప్పుకోవచ్చు.

ఇక పెయింటింగ్. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. అద్దెకు తీసుకున్నవాడు ఆస్తిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలని అందులోని 108వ సెక్షన్ చెబుతుంది. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు మాత్రం అతను బాధ్యుడు కాడని కూడా అదే సెక్షన్ చెబుతుంది. నాలుగేళ్లలో గోడ రంగు వెలిసిపోవడం, స్విచ్ బోర్డు చుట్టూ చేతి మరకలు పడటం, మంచం ఆనిన చోట గీత పడటం, ఇవన్నీ మనుషులు ఇంట్లో బతికిన గుర్తులు. అందుకేగా నెలనెలా అద్దె కట్టింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో ఎవరి రిపేరు ఎవరిదో ఒక పట్టికే ఇచ్చారు. గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, నీళ్ల పైపులు, కరెంటు వైరింగ్ ఓనరువి. కుళాయిలు, వాష్‌బేసిన్, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు, దోమల జాలీలు అద్దెదారువి. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది మన మీద పనిచేస్తుంది. కోర్టులో కాకపోయినా మాటల్లో అది కొలబద్దగా పనికొస్తుంది. నేను వాష్‌బేసిన్, జాలీ నా ఖాతాలో రాసుకున్నది ఆ కొలబద్ద ప్రకారమే. రంగు రాయనిదీ దాని ప్రకారమే.

ఇక్కడ ఒక మినహాయింపు దాచకుండా చెప్పాలి. "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె" అని అగ్రిమెంట్‌లో రాసి ఉండి, దాని కింద మనం సంతకం పెట్టి ఉంటే పరిస్థితి వేరు. 108వ సెక్షన్ కూడా వేరే ఒప్పందం లేనప్పుడు వర్తించేదే. మా అగ్రిమెంట్ తీసి రెండుసార్లు చదివాను. ఇంటిని ఉన్న స్థితిలో అప్పగించాలని ఉంది, రంగు మాట ఎక్కడా లేదు.

నోట్ చూసి ఓనర్ గారు అరగంటలో ఫోన్ చేశారు. "ఇన్నేళ్లుగా అద్దెలకిస్తున్నాను, ఎవరూ ఇలా రాయలేదండి" అన్నారు. గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా వినపడింది. మర్నాడు ఇంటికొచ్చారు. చేరిన రోజు తీసిన ఫోటోలు ఫోన్‌లో పెట్టుకుని గది గదికీ తిరిగాం. బాత్రూమ్ గోడ పెచ్చులూడిన చోటు చూపించి ఇది మీరే అన్నారు. పైఫ్లాట్ పైపు కారడం గురించి రెండేళ్ల కిందట నేను పంపిన మెసేజ్ చూపించాను. దాని గురించి మళ్లీ మాట్లాడలేదు. వంటింట్లో మాత్రం ఆయన చెప్పిందే న్యాయం. పొయ్యి వెనక గోడ మీద, పైనున్న అలమర తలుపుల మీద నూనె జిడ్డు గట్టిగా పేరుకుపోయింది. చిమ్నీ పెట్టుకోకుండా నాలుగేళ్లు వేపుళ్లు చేసుకున్నాం. అది మామూలు అరుగుదల అనడం నావల్ల కాలేదు. శుభ్రం చేయించి ఆ ఒక్క గోడకు రంగు వేయించడానికి 1,500 అనుకున్నాం. నోట్‌లో ఇంకో లైను చేర్చి మళ్లీ పంపాను. మొత్తం 13,093, రావాల్సింది 22,907.

ఆ 1,500 ఒప్పుకున్నందుకు మిత్రుడొకాయన నన్ను తప్పుపట్టాడు. చట్టం నీ వైపుంటే ఎందుకు తగ్గావన్నాడు. జిడ్డు మాదే కాబట్టి తగ్గాను. నెల అద్దె మొత్తం వదిలేసుకోవడం ఎంత తప్పో, నిజంగా పాడుచేసింది ఒప్పుకోకపోవడం అంతే తప్పు. అంశం వారీగా లెక్క రాస్తే ఈ రెండూ విడివిడిగా కనపడతాయి. ముద్దగా 18,000 అంటే జిడ్డూ, పెచ్చులూ, వెలిసిన రంగూ అన్నీ ఒకే కుప్పలో పడిపోతాయి. ఆ కుప్పలో ఎప్పుడూ నష్టపోయేది డబ్బు అవతలివాళ్ల చేతిలో ఉన్నవాడే.

తాళాలు ఇచ్చాక రాయడం వల్ల ఉపయోగం తక్కువ. ఆ తర్వాత ఇంట్లోకి పెయింటర్లు వస్తారు, గోడలు మారిపోతాయి, మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఫోన్ చేస్తే "రేపు చూద్దాం" అని వినపడుతుంది. రెండు మూడు రోజుల ముందే రాసి, ఇద్దరూ ఇల్లు కలిసి చూసి, తాళాలు డబ్బులు ఒకే రోజు చేతులు మారేలా మాట్లాడుకోవాలి. మాకు అలాగే జరిగింది. జూన్ 10 సాయంత్రం తాళాలు ఆయన చేతిలో పెట్టాను, 22,907 నా ఖాతాలో పడ్డాయి.

ఆ ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ల అగ్రిమెంట్‌లో పెయింటింగ్‌కి ఒక నెల అద్దె అని ఇప్పుడు ఒక లైను చేరిందని వాచ్‌మన్ చెప్పాడు. మీ అగ్రిమెంట్‌లోనూ ఉండొచ్చు. సంతకం పెట్టకముందే చదవండి, ఉంటే అప్పుడే మాట్లాడండి.