ప్యాకేజీ చాటున జీతమెంత?

సాఫ్ట్‌వేర్ సంస్థలు కొత్త ఉద్యోగుల కోసం ఇచ్చే ప్రకటన ఒకప్పుడు ఆదివారం పత్రికలో అరపేజీ ఆక్రమించేది. నేడది లింక్డిన్‌లో ఒక బొమ్మకింద నాలుగైదు పంక్తుల వ్యాఖ్యగా కుదించుకుపోయింది. ఆ పంక్తుల తీరు కూడా దాదాపు అన్ని సంస్థలకూ ఒక్కటే. ‘మా కుటుంబం పెరుగుతోంది. జూనియర్ డెవలపర్లు కావాలి. అనుభవం సున్నా నుంచి ఏడాది. ప్యాకేజీ 3.6 లక్షల వరకు. వెంటనే చేరగలవారికి ప్రాధాన్యం. ఆసక్తిగలవారు కింద వ్యాఖ్య రాయండి.’ ఇంతే. ఏలూరులోనో, కరీంనగర్‌లోనో బీటెక్ ముగించి ఇంట్లో కూర్చున్న కుర్రవాడికి ఈ ఐదారు వాక్యాలే ప్రాణాధారంగా కనిపిస్తాయి. చెప్పిన దానికన్నా చెప్పకుండా వదిలిన దానివల్లనే ఈ ప్రకటన అతని జీవితాన్ని ఎక్కువగా ప్రభావితం చేస్తోందన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

మొదట ప్యాకేజీ సంగతి చూద్దాం. ఏడాదికి 3.6 లక్షలంటే నెలకు 30 వేలు చేతికి వస్తాయని తల్లిదండ్రులు లెక్క వేసుకోవడం సహజం. కాని ప్యాకేజీ అంటే ఉద్యోగి అందుకునే జీతం కాదు, ఉద్యోగిపై సంస్థకయ్యే మొత్తం ఖర్చు. ఉదాహరణకు మూలవేతనం నెలకు 15 వేలనుకుందాం. భవిష్యనిధికి సంస్థ చెల్లించే 12 శాతం వాటా నెలకు 1,800 చొప్పున ఏడాదికి 21,600 రూపాయలు ఆ 3.6 లక్షలలోనే ఉంటాయి. గ్రాట్యుటీ పేరిట సుమారు 8,650, ఆరోగ్య బీమాకు ఒక 6 వేలు కూడా అందులోనివే. పనితీరునుబట్టి ఇచ్చే మొత్తం పదిశాతమనుకుంటే 36 వేలు. అది సంవత్సరాంతంలో రావచ్చు, రాకపోవచ్చు. ఇవన్నీ తీసివేస్తే నెలకు మిగిలేది దాదాపు 23,980 రూపాయలు. అందులోంచి భవిష్యనిధికి ఉద్యోగి వాటా 1,800, వృత్తిపన్ను 200 పోగా చేతికందేది 22 వేలలోపే. హైదరాబాద్‌లో హాస్టల్ గది అద్దె, భోజనం, బస్సు ఖర్చు పోగా ఇంటికి ఎంత పంపగలడో ఎవరి లెక్క వారు వేసుకోవచ్చు.

ఇందులో చట్టవిరుద్ధమేదీ లేదు. దోషం లెక్కలో లేదు, లెక్కను దాచడంలో ఉంది. పైగా ‘వరకు’ అన్న చిన్నమాట ఒకటున్నది. ఆ గరిష్ఠ మొత్తం పరీక్షలో అగ్రశ్రేణి మార్కులు సాధించిన కొద్దిమందికే దక్కవచ్చు. తక్కిన వారికిచ్చేదెంతో ప్రకటనలో కానరాదు. 2024 ఆగస్టులో కాగ్నిజెంట్ సంస్థ నియామక ప్రకటనలోని ఏడాదికి 2.52 లక్షల మొత్తం దేశవ్యాప్తంగా విమర్శలకు గురైంది. అది మూడేళ్ల డిగ్రీ చదివినవారికి మాత్రమేననీ, ఇంజనీరింగ్ పట్టభద్రులకు వేరే వేతనముందనీ సంస్థ తరువాత వివరణ ఇచ్చుకోవలసివచ్చింది. ఆ వివరణ మొదటి ప్రకటనలోనే స్పష్టంగా ఉంటే అంత రభస జరిగేదే కాదు.

రెండవది చేరే తేదీ. వెంటనే చేరాలని అభ్యర్థిని కోరే సంస్థ, తాను ఎప్పుడు చేర్చుకుంటుందో మాత్రం చెప్పదు. 2022లో ఇన్ఫోసిస్ ఎంపిక చేసిన పట్టభద్రులలో కొందరు రెండేళ్లకు పైగా నిరీక్షించి 2024లో విధులలో చేరారు. వారిలో మైసూరు శిక్షణకేంద్రంలో మూడు ప్రయత్నాలలోనూ అంతర్గత పరీక్ష నెగ్గలేదన్న కారణంతో మూడువందల మందికి పైగా 2025 ఫిబ్రవరిలో ఇంటిదారి పట్టవలసివచ్చింది. 2023 ఫిబ్రవరిలో విప్రో 6.5 లక్షలకు ఎంపికైన కొత్తవారిని 3.5 లక్షలకు చేరడానికి సమ్మతమా అని అడిగింది. విపణి మందగించినప్పుడు సంస్థలకు ఇబ్బందులు ఉండవని ఎవరూ అనరు. అయితే ఆ మందగమనం భారమంతా, మరో ఉద్యోగం వదులుకుని ఎదురుచూసిన కొత్తవాడిపైనే పడటం న్యాయం కాదు. ఎంపికపత్రం చేతిలో ఉన్నంతమాత్రాన ఉద్యోగం ఉన్నట్లు కాదన్న సంగతి ఎందరికో ఆలస్యంగా బోధపడుతోంది.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది బాండు. శిక్షణ ముగిసిన తరువాత ఇన్నేళ్లు పనిచేయాలనీ, లేకుంటే ఇంత మొత్తం చెల్లించాలనీ పలు సంస్థలు చేరేరోజున సంతకం చేయించుకుంటున్నాయి. ఊరునుంచి సామానుతో వచ్చేసిన కుర్రవాడికి ఆ క్షణంలో కాదనే అవకాశముంటుందా? ఈ సందర్భంలో 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గమనార్హం. మూడేళ్లకు ముందే వైదొలగినందుకు రెండు లక్షలు చెల్లించాలన్న షరతు చెల్లుతుందని, ఉద్యోగంలో ఉండగా వర్తించే అటువంటి నిబంధన వృత్తి స్వేచ్ఛకు భంగం కాదని న్యాయస్థానం పేర్కొంది. బాండ్లన్నీ చెల్లవని నమ్మి సంతకాలు చేసేవారికి ఇది హెచ్చరికే. అయితే మరో విషయం మరువరాదు. ఆ బ్యాంకు 2006నాటి తన నియామక ప్రకటనలోనే ఆ షరతును అచ్చువేసింది. అభ్యర్థి తెలిసే దరఖాస్తు చేశాడు. మన సాఫ్ట్‌వేర్ ప్రకటనలలో లోపిస్తున్నది సరిగ్గా ఇదే. ప్రభుత్వరంగ బ్యాంకు పోస్టుల సంఖ్యను, వేతనశ్రేణిని, బాండు మొత్తాన్ని ముందే ప్రకటించగలిగినప్పుడు ప్రైవేటు సంస్థకు అడ్డేమిటి?

చోటు చాలదనే వాదన నిలవదు. లింక్డిన్‌లో ఒక ప్రకటనకు మూడువేల అక్షరాల వరకు స్థలముంది. నిజమేమంటే మొదటి రెండు మూడు పంక్తులే తెరపై కనబడి, మిగిలినది మీట నొక్కితేగాని కనిపించదు. కనుక ఆ మొదటి పంక్తులను సంబరంతో నింపుతున్నారు. వ్యాఖ్య రాయమనడం వెనుకా ఒక కిటుకున్నది. వ్యాఖ్యలు పెరిగేకొద్దీ ప్రకటన మరింతమంది కంటబడుతుంది. సంస్థకు ప్రచారం దక్కుతుంది. కాని అభ్యర్థి రాసిన ‘ఆసక్తి ఉంది’ అన్న మాట దరఖాస్తు కాదు. సంస్థ సొంత వెబ్‌సైటులో వివరాలు నింపితేనే పేరు జాబితాలోకి ఎక్కుతుంది. పైగా ఆ వ్యాఖ్యలలో ఫోన్ నంబర్లు రాసినవారిని వెతికి, శిక్షణ రుసుమనో, లాప్‌టాప్ పూచీ సొమ్మనో దండుకునే మోసగాళ్లూ ఉన్నారు. ఉద్యోగమిచ్చే ముందు డబ్బడిగినవాడు యజమాని కాడని గుర్తించడం తేలిక.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు నియామకపత్రం తప్పనిసరి చేశాయి. అది మంచిదే. కాని నియామకపత్రం చేతికందేది అభ్యర్థి ఇల్లు కదిలిన తరువాత. తెలుసుకోవలసిన సమయం దరఖాస్తుకు ముందు. కాబట్టి ప్రకటనలోనే నాలుగు సంగతులు ఉండితీరాలి: ఖాళీల సంఖ్య, చేతికందే కనీస నెలజీతం, చేర్చుకునే నెల, బాండు ఉంటే దాని కాలపరిమితి, మొత్తం. ఈ నాలుగూ రాయడానికి నాలుగు పంక్తులు చాలు. అవి రాయడానికి వెనుకాడే సంస్థ ‘మా కుటుంబం’ అన్న మాటను తొలగించడం మేలు. ఇంటికి వచ్చే కోడలితో కట్నం లెక్క దాచినవారిని లోకం మెచ్చదు. కుటుంబమన్న సంస్థ కొత్తవాడితో జీతం లెక్క దాచడమూ మెచ్చదగినది కాదు.