ఇల్లు కొన్నాక పాత ఓనర్ కరెంట్ బకాయి మీ నెత్తిన పడుతుందా? రిజిస్ట్రేషన్‌కు ముందే ఇలా చెక్ చేసుకోండి

అమ్మినాయన కట్టని కరెంట్ బిల్లు కొన్నవాళ్లు ఎందుకు కట్టాలి? చాలామందికి వచ్చే డౌట్ ఇది. దీనిపై సుప్రీంకోర్టు 2023 మే 19న క్లారిటీ ఇచ్చింది. కేరళ విద్యుత్ బోర్డు కేసులో, సరఫరా నిబంధనల్లో ఉంటే పాత బకాయి తీర్చాకే కొత్త ఓనర్‌కు కనెక్షన్ ఇస్తామని డిస్కం అడగొచ్చని తేల్చింది.

మన రెండు తెలుగు రాష్ట్రాల నిబంధనల్లోనూ ఇదే ఉంది. అమ్మే ముందు బకాయిలన్నీ యజమానే క్లియర్ చేయాలి. చేయకపోతే ఆ ఇంటికి కరెంట్ ఇవ్వడానికి డిస్కం నో చెప్పొచ్చు. అంటే బాకీ పాత ఓనర్‌దే అయినా, చీకట్లో ఉండేది మాత్రం కొన్నవాళ్లే!

ఇక ఆస్తి పన్ను ఇంటి మీదే ఉంటుంది. ఓనర్ మారినా బకాయి పోదు. నీటి బిల్లు బాకీ ఉన్నా కనెక్షన్ పేరు మార్చుకునేటప్పుడు చిక్కులు తప్పవు. నిజానికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, అమ్మకం తేదీ వరకు ఉన్న ప్రభుత్వ పన్నులు అమ్మేవారే కట్టాలి. కానీ డబ్బంతా చేతికిచ్చేశాక వసూలు చేసుకోవాలంటే కోర్టు చుట్టూ తిరగాల్సిందే.

మరి చెక్ చేసేదెలా? హైదరాబాద్‌లో అయితే అమ్మేవారిని మూడు నంబర్లు అడగాలి. కరెంట్ సర్వీస్ నంబర్, ఆస్తి పన్ను PTIN, వాటర్ బోర్డు CAN. వీటిని ఆయా వెబ్‌సైట్లలో కొడితే బకాయి ఎంతో కనిపిస్తుంది.

అయితే ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఎప్పుడో తీసేసిన పాత మీటర్ బాకీ ఇప్పటి బిల్లులో కనిపించకపోవచ్చు. అందుకే విద్యుత్ ఆఫీసుకు వెళ్లి, ఆ ఇంటి అడ్రస్‌పై గతంలో ఉన్న సర్వీసులన్నిటి బాకీ ఎంతో అడగాలి. బకాయి లేదని రాతపూర్వకంగా తీసుకుంటే ఇంకా సేఫ్.

ఉదాహరణకు ఒక ఫ్లాట్‌పై కరెంట్ 38 వేలు, ఆస్తి పన్ను 52 వేలు, నీళ్లు 14 వేలు బకాయి ఉందనుకుందాం. మొత్తం 1.04 లక్షలు. ఆ మొత్తాన్ని చివరి పేమెంట్‌లో ఆపి, కొనేవాళ్లే కట్టి రసీదులు దగ్గర పెట్టుకోవచ్చు. ఈ షరతు అగ్రిమెంట్‌లోనే రాయించుకోవాలి.

బ్యాంకు వేలంలో కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 'ఉన్నది ఉన్నట్టుగా' అని నోటీసులో ఉంటే, బకాయిలు చూసుకునే బాధ్యత కొనేవాళ్లదే. పాట పాడే ముందే ఈ లెక్క తేల్చుకుని, ఆ మేరకు రేటు తగ్గించి పాడటం మేలు.