తిరుగు టపా అక్కర్లేదు!

మా వేపు ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. స్నేహితురాలు నాలుగు వారాలు పలక్కపోతే చాలు, "ఏటే, ఏటైపోనావు? మమ్మల్ని మర్చిపోనావేటి? పెద్దదానివైపోనావులే!" అని ఒక బాణం విసురుతారు. అది ప్రేమే, కాదనను. గంటస్తంభం దగ్గర ఎదురుపడి, భుజం మీద ఒకటి వేసి అంటే అందులో బోలెడంత తీపి ఉంది. కానీ మనసు కుంగి, తలుపు వేసుకుని కూర్చున్న మనిషికి అదే మాట సెల్‌ఫోన్‌లో అక్షరాలై చేరితే అది పలకరింపు కాదండీ, సంజాయిషీ అడిగే నోటీసు.

వెనకటి కార్డుముక్కలు గుర్తున్నాయా? "ఇచట మేమంతా క్షేమం, అచట మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెట్టి, "తిరుగు టపాలో జవాబు వ్రాయవలెను" అని ముగించేవారు. పోస్టుకార్డు పోయినా ఆ ఆఖరి వాక్యం మాత్రం మనల్ని వదల్లేదు. నా తగువంతా ఆ ఒక్క వాక్యంతోనే. కుంగిపోయిన స్నేహితురాలికి రాసేటప్పుడు జవాబు అడక్కండి. జవాబు అక్కర్లేదని పైకి చెప్పి మరీ రాయండి.

ఎందుకంటారా? మనసు బాగోలేనప్పుడు ఉత్తరం చదవటం కష్టం కాదు, బదులివ్వటం కొండ. ఏం రాయాలో తోచదు. బావున్నానంటే అబద్ధం, బాగోలేనంటే వంద ప్రశ్నలు. రేపు రాద్దాంలే అనుకుంటుంది. రేపటికి సిగ్గు తోడవుతుంది. వారం పోయాక ముందు క్షమాపణ చెప్పుకోవాలి, ఆలస్యానికి కారణం చెప్పాలి, ఆ తరవాత గదా అసలు సంగతి! అప్పు మీద వడ్డీ పెరిగినట్టు పెరుగుతుంది. మీరు పంపిన ప్రతి "ఎందుకు పలకవు?" ఆ బాకీ మీద మరో పద్దు. మీరేమో ఇక్కడ, "చూసిందమ్మా, నీలం గీతలు పడ్డాయి, అయినా పలకలేదు, ఎంత పొగరు!" అంటూ ఉంటారు.

ఇంకో రకం వాళ్ళున్నారు. "ధైర్యంగా ఉండు, నీకేం తక్కువ? మొగుడు మంచివాడు, పిల్లలు రత్నాలు" అని లెక్క అప్పజెబుతారు. ఇన్ని ఉండీ ఏడుస్తున్నానే అని ఆవిడ తనని తాను మరికాస్త తిట్టుకుంటుంది. ఇక రోజూ పొద్దున్నే అందరికీ పంపే పువ్వుల బొమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. వందమందికి పంచిన ప్రసాదంలో తన పేరు ఎక్కడుందని వెతుక్కుంటుంది?

మరెలా రాయాలంటారా? జరిగింది చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అక్కడ కొబ్బరిచెట్టంటే ఇంటి పెద్దకొడుకు. మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది. కవిటి వేపు ఉన్న నా స్నేహితురాలి తోట కూడా పోయింది. మొదట్లో అందరిలాగే ఏడ్చింది, పనుల్లో పడింది. సంక్రాంతి వెళ్ళాక నిశ్శబ్దమైపోయింది.

ఒక ఆదివారం ఇలా రాశాను: "ఇవాళ బజార్లో మామిడల్లం కనిపించింది. నీ చేతి పచ్చడి గుర్తొచ్చింది. దీనికి జవాబు రాయక్కర్లేదు. వచ్చే ఆదివారం మళ్ళీ రాస్తాను." అంతే. ఆవిడకి మాత్రమే చెందే ఒక చిన్న సంగతి, జవాబు బాకీ లేదన్న మాట, మళ్ళీ వస్తానన్న మాట. రెండో ఆదివారం: "తోట సంగతి తలుచుకుంటున్నాను. మళ్ళీ వేసుకోవచ్చులే అని మాత్రం నేననను." దుఃఖానికి కారణం తెలిసినప్పుడు దాన్ని తప్పించుకు తిరక్కూడదు. మూడోది: "శనివారం పదింటికి ఫోన్ చేస్తాను. ఎత్తబుద్ధి కాకపోతే ఎత్తకు. ఆదివారం మెసేజ్ మామూలే." 'ఏం కావాలన్నా అడుగు' అంటే ఏం కావాలో వెతుక్కునే పని కూడా ఆవిడ నెత్తినే పడుతుంది. రోజూ వేళా మనమే చెబితే ఆ బరువు తగ్గుతుంది.

నాలుగో వారానికి "ఊఁ" అని ఒక్క అక్షరం వచ్చింది. "హమ్మయ్య, ఇన్నాళ్ళకా!" అనలేదు నేను. అంటే మళ్ళీ నోటీసే! "అందింది" అన్నాను. ఆ తరవాతి శనివారం ఫోన్ ఎత్తింది.

ఇక్కడినించి మెసేజ్ చాలదు. నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా అని అడిగాను. మూడింటికే మెలకువ వచ్చేస్తోందిట, కూర రుచి తెలీడం లేదుట. రెండు వారాలు దాటి ఇలా ఉంటే అది బెంగ కాదు, వైద్యం కావలసిన జబ్బు. అప్పుడు తిన్నగా అడిగాను: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగితే గుండె బరువు దింపుకోడానికి చోటు దొరుకుతుంది. కాసేపాగి, "పొద్దున్న లెగకపోతే బాగుణ్ణనిపిస్తాది" అంది. తోటకి కొట్టే మందులు ఇంట్లోంచి తీయించమని వాళ్ళబ్బాయికి చెబుతానని ముందు ఆవిడకే చెప్పి, తరవాతే అతనికి చెప్పాను. మర్నాడు సోంపేట రైలెక్కి వెళ్ళి, డాక్టరు దగ్గరికి నేనే వెంట వెళ్ళాను. మందు పని మొదలుపెట్టటానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆదివారం మెసేజ్ ఆగలేదు.

ఇది నా సొంత తెలివి కాదండోయ్. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు ఇలాంటిదే చేశాడు. కుంగుబాటుతోనో, ఆత్మహత్య ఆలోచనతోనో ఆస్పత్రిలో ఉండి, తరవాత వైద్యం వద్దన్న 843 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి అయిదేళ్ళలో 24 చిన్న ఉత్తరాలు రాయించాడు. మీరు బావున్నారని తలుస్తాం, రాయాలనిపిస్తే రాయండి, అంతే. 2001లో ఫలితాలు ప్రకటించారు: మొదటి రెండేళ్ళలో ఉత్తరాలు అందినవాళ్ళలో ఆత్మహత్యలు తక్కువ. తరవాత్తరవాత ఆ తేడా తగ్గిపోయింది. ఇతరులు చేసిన పరీక్షలన్నీ ఇదే ఫలితం ఇవ్వలేదు కూడా. అంచేత ఉత్తరమే మందని నేననను. మందు దగ్గరికి మనిషి నడిచి వచ్చేదాకా తలుపు మూసుకుపోకుండా అడ్డంపెట్టే చెక్కముక్క అది.

డాక్టరంటే విశాఖ చినవాల్తేరు పెద్దాసుపత్రేనా, నలుగురూ ఏమంటారో అని జంకేవారికి 2022 అక్టోబరు నించి టెలి మానస్ ఉంది. 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చు. మనిషి వీడ్కోలు మాటలు మాట్లాడుతున్నా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా ఆదివారం దాకా ఆగకండి. ఇంట్లోవాళ్ళకి చెప్పండి, మీరూ వెళ్ళండి, ఒంటరిగా వదలకండి.

"ఎప్పుడూ మనమే ముందు పలకాలా? ఆవిడకి లేదా నోరు?" అంటారా? లేదమ్మా, ప్రస్తుతం లేదు. కాలు విరిగినావిడని మా ఇంటికి నడిచి రాలేదేమని అడుగుతామా? నోరు తిరిగి వచ్చేదాకా పలకరింపు వంతు మనదే. లెక్క తరవాత చూసుకుందురు గాని.