బాలింతకు మందు ఒక ఉత్తరం

పాలు చాలని బాలింతకు మన తీరంలో పాలసొర కూర వండిపెడతారు. వైద్యులు పిల్లిపీచర లేహ్యం చెబుతారు. రెండూ మంచివే. కాని ప్రసూతి సెలవు ముగిసి ఉద్యోగంలో చేరిన తల్లికి పాలు తగ్గడానికి కారణం తరచు ఆహారలోపం కాదు. గంటల తరబడి రొమ్ము నిండి ఉంటే శరీరం స్తన్యోత్పత్తిని తానే తగ్గించుకుంటుంది. తీసివేస్తేనే మళ్లీ ఊరుతుంది. ఈ చిక్కుకు అసలు చికిత్స మేనేజరుకు వ్రాసే ఉత్తరంలో ఉన్నదని నా అభిప్రాయం.

టెక్కలి నుండి కాశీబుగ్గలోని ఒక కార్యాలయానికి బస్సులో వచ్చే తల్లిని ఊహించండి. బిడ్డకు ఆరు నెలలు. ఉదయం ఎనిమిదింటికి పాలిచ్చి బయలుదేరితే తిరిగి చేరేసరికి సాయంత్రం ఏడు. పదకొండు గంటలు! ఆమె ఇలా వ్రాయవచ్చు:

"గౌరవనీయులైన మేనేజరు గారికి, మధ్యాహ్న భోజన విరామం కాక, బిడ్డకు పదిహేను నెలలు నిండేవరకు రోజుకు రెండు విరామాలు చట్టం ఇచ్చినవి. ఇల్లు దూరమగుటచే ఆ వేళల్లో పాలు పిండి భద్రపరచుకొనదలచాను. పదకొండు గంటలకు, నాలుగు గంటలకు చెరి ఇరవై అయిదు నిమిషాలు, గడియ గల గది, ఒక కుర్చీ, చేతులు కడుగుకొనుటకు నీరు కోరుచున్నాను. మరియు మూడు నెలలపాటు అరగంట ముందుగా వెళ్లనిచ్చినచో, ఉదయం అరగంట ముందు వచ్చి పని పూర్తిచేయగలను."

రెండు కోరికలకూ భేదం గమనించండి. విరామాలు 1961 ప్రసూతి ప్రయోజన చట్టం కల్పించిన హక్కు; 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఉన్నది. అయితే అందులో ఉన్నది పాలివ్వడమనే మాటే, పిండడమని లేదు. అందుకే ఇంటి దూరాన్ని చెప్పడం అవసరం. పనివేళల మార్పు మాత్రం హక్కు కాదు, ఒప్పుదల. దానిని బదులు పని చూపి అడగాలి. మరుగుదొడ్డిలో పిండుకొమ్మంటే అంగీకరించరాదు. అది బిడ్డ ఆహారం.

పిండిన పాలను ఉడికించిన మూతగిన్నెలో పోసి వెంటనే మంచుపెట్టెలో ఉంచాలి. చల్లని గదిలోనైనా నాలుగు గంటలకు మించి బయట నిలువ ఉంచరాదు. మన వేసవిలో అంత వ్యవధి కూడా నమ్మదగదు. ఇంటివద్ద గిన్నెను గోరువెచ్చని నీటిలో నిలిపి వేడిచేయాలి, పొయ్యిమీద మరిగించరాదు.

బిడ్డ స్పర్శ, దర్శనం, స్మరణ సైతం స్తన్యాన్ని ప్రవహింపజేస్తాయని సుశ్రుతుడు చెప్పాడు. పిండేముందు బిడ్డ ఫొటో చూసుకోవడం అందుకే పనికివస్తుంది. తలుపు ఎవరు తడతారోనన్న భయంతో కూర్చున్న తల్లికి పాలు దిగవు. ఉత్తరంలో గడియ ఊసు ఎత్తినది ఇందుకే.

విరామం దొరకక రొమ్ములో ఒకచోట గట్టిపడి, ఎర్రబడి, చలిజ్వరం వస్తే పట్టులతో కాలయాపన చేయక డాక్టరును చూడాలి. పాలివ్వడం మాత్రం ఆపరాదు. ఉత్తరానికి నకలు ఉంచుకుని, అందినట్లు సంతకం తీసుకోండి.